పది మళ్లు కోసి మండలం దిగుబడి చెప్పేదెలా?

వరి కోతకొచ్చిన రోజుల్లో గణాంక శాఖ, వ్యవసాయ శాఖల సిబ్బంది టేపు, తాడు, మేకులు పట్టుకుని కొన్ని ఊళ్లలో పొలాలకు వస్తారు. మడిలో ఒక చోట అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు కొలిచి నాలుగు మేకులు పాతుతారు. ఆ చదరం లోపలి పంటను మాత్రమే కోయించి, నూర్పించి, గింజల్ని తూకం వేస్తారు. దీన్నే పంట కోత ప్రయోగం అంటారు. ఇలా కోసిన కొద్ది చదరాల తూకం నుంచే మండలంలో ఎకరాకు ఎంత పండిందో, జిల్లాలో ఎంత ధాన్యం వచ్చిందో లెక్క కడతారు. దిగుబడి ఆధారిత పంటల బీమా అమలయ్యే చోట రైతుకు పరిహారం వస్తుందా రాదా అన్నది కూడా చాలావరకు ఈ తూకం మీద ఆధారపడుతుంది.

శాంపిలింగ్ చదివేవాళ్లు మొదట తడబడేది అయిదు పదాల దగ్గర: పాపులేషన్, ఫ్రేమ్, శాంపిలింగ్ యూనిట్, పారామీటర్, స్టాటిస్టిక్. నిర్వచనాలు బట్టీపట్టినవాళ్లు కూడా ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఒకదానికి బదులు ఇంకొకటి గుర్తిస్తారు. ఈ అయిదూ విడివిడి పదాలు కావు. ఒకే పనిలోని అయిదు భాగాలు. ఆ పని కళ్లముందుంటే ఏది ఏదో తికమక ఉండదు. అందుకే ఈ ప్రశ్నలన్నీ ఒకే మండలం వరి చేల మీద అడుగుతున్నాం. గ్రూప్స్ పరీక్షలకు, సహాయ గణాంక అధికారి పోస్టులకు, డిగ్రీ స్టాటిస్టిక్స్‌కు చదివేవాళ్లు జవాబు చూడకుండా ముందు తామే ఒక అక్షరం ఎంచుకోవాలి. పంట లెక్క ఎలా తేలుతుందో తెలుసుకోవాలనుకునే రైతు కుటుంబాలకూ ఇందులో పనికొచ్చే సంగతులున్నాయి.

మన మండలం

ఒక మండలాన్ని ఊహించుకుందాం. అందులో సార్వా వరి వేసిన ఊళ్లు 18. ఆ ఊళ్ల జాబితా నుంచి లాటరీ పద్ధతిలో 5 ఊళ్లను ఎంచుకున్నారు. ఎంచుకున్న ప్రతి ఊళ్లో సర్వే నంబర్ల జాబితా నుంచి, మళ్లీ యాదృచ్ఛికంగానే, రెండు వరి పొలాలను తీసుకున్నారు. ప్రతి పొలంలో 5 మీటర్ల చదరం ఒకటి. మొత్తం పది చదరాలు. ఒక్కో చదరంలో వచ్చిన ధాన్యం కిలోల్లో ఇలా ఉంది:

మొదటి ఊరు: 13.2, 12.4
రెండో ఊరు: 14.1, 11.8
మూడో ఊరు: 10.9, 12.6
నాలుగో ఊరు: 13.5, 12.0
అయిదో ఊరు: 11.3, 13.2

పదింటి మొత్తం 125 కిలోలు. సగటు 12.5 కిలోలు. చదరం విస్తీర్ణం 25 చదరపు మీటర్లు, హెక్టారుకు 10,000 చదరపు మీటర్లు. అంటే హెక్టారులో ఇలాంటి చదరాలు 400 పడతాయి. 12.5ను 400తో గుణిస్తే హెక్టారుకు 5,000 కిలోలు. ఎకరాకు చూస్తే సుమారు 2,023 కిలోలు, అంటే 75 కిలోల బస్తాలు దాదాపు 27. కోసిన రోజు గింజలో తేమ ఉంటుంది కాబట్టి, అసలు పనిలో కొన్ని నమూనాలను ఎండబెట్టి మళ్లీ తూచి తరుగు తీస్తారు. ఇక్కడి అంకెలు తరుగు తీసేసినవే అనుకుందాం.

ప్రశ్న 1. ఈ సర్వేలో పాపులేషన్ ఏది?

(అ) మండలంలోని రైతులందరూ
(ఆ) మండలంలోని సాగు భూమి అంతా
(ఇ) ఈ సార్వాలో మండలంలో వరి పండిన విస్తీర్ణమంతా
(ఈ) కోత కోసిన పది చదరాలు

జవాబు (ఇ). పాపులేషన్ అనగానే చాలామంది (అ) గుర్తిస్తారు. ఆ మాట వినగానే జనమే గుర్తుకు రావడం దానికి కారణం. స్టాటిస్టిక్స్‌లో మాత్రం ఎవరి గురించి, లేదా దేని గురించి తెలుసుకోవాలో ఆ మొత్తమే పాపులేషన్. అది మనుషులు కావచ్చు, పొలాలు కావచ్చు, కర్మాగారంలో తయారైన బల్బులు కావచ్చు. ఇక్కడ మనకు కావలసింది ఎకరాకు ఎంత పండిందన్నది. ఆ సంఖ్య రైతుకు చెందింది కాదు, పంట ఉన్న నేలకు చెందింది.

(ఆ) ఎందుకు తప్పో కూడా చూడాలి. సాగు భూమి అంతా అంటే అందులో మిరప, చెరకు, కొబ్బరి కూడా వస్తాయి. పాపులేషన్‌ను చెప్పేటప్పుడు మూడు హద్దులు గీయాలి: ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు. వరి, ఈ మండలం, ఈ సార్వా. వీటిలో ఏ ఒక్కటి వదిలేసినా పాపులేషన్ మారిపోతుంది. దాళ్వా వరి చేలు అవే అయినా అది వేరే పాపులేషన్, ఎందుకంటే కాలం వేరు, నీరు వేరు, దిగుబడి వేరు. పరీక్షలో నాలుగు ఐచ్ఛికాలూ దగ్గర దగ్గరగా కనిపిస్తే, ఈ మూడు హద్దులూ సరిగ్గా ఉన్నదాన్ని ఎంచుకోండి.

ప్రశ్న 2. ఈ సర్వేలో ఫ్రేమ్ ఏది?

(అ) వరి వేసిన 18 ఊళ్ల జాబితా, ఎంపికైన ఊళ్ల సర్వే నంబర్ల జాబితా
(ఆ) మండలం సరిహద్దులు చూపే పటం
(ఇ) ఎంపికైన పది పొలాల జాబితా
(ఈ) మండలంలో వరి పండిన నేల

జవాబు (అ). పాపులేషన్ పొలాల్లో ఉంటుంది, ఫ్రేమ్ కాగితం మీదో కంప్యూటర్‌లోనో ఉంటుంది. లాటరీ తీయాలంటే ముందు చీటీలు రాయాలి. ఆ చీటీలు ఏ జాబితా చూసి రాస్తామో అదే ఫ్రేమ్. మన దగ్గర ఇందుకు అడంగల్, పహాణీ, పంట నమోదు వివరాలు పనికొస్తాయి. (ఇ) తప్పు, ఎందుకంటే అది లాటరీ అయ్యాక వచ్చిన జాబితా. ఎంపికకు ముందున్నది ఫ్రేమ్, ఎంపిక తర్వాత మిగిలింది శాంపిల్.

ఇంకో సంగతి. ఎంపిక రెండు మెట్లలో జరిగితే ఫ్రేములు కూడా రెండు ఉంటాయి. మొదటి మెట్టుకు ఊళ్ల జాబితా, రెండో మెట్టుకు సర్వే నంబర్ల జాబితా. రెండో జాబితా 18 ఊళ్లకూ అక్కర్లేదు, ఎంపికైన 5 ఊళ్లకు ఉంటే చాలు. మెట్లవారీ ఎంపికను ఎక్కువగా వాడటానికి ఇదొక పెద్ద కారణం. మండలంలోని ప్రతి పొలాన్నీ ముందే నమోదు చేసి పెట్టుకోవలసిన శ్రమ తప్పుతుంది.

ప్రశ్న 3. ఒక ఊళ్లో కొంత నేలలో వరి వేశారు కానీ అది ఏ రికార్డులోనూ వరిగా ఎక్కలేదు. ఇంకో చోట రికార్డులో వరి అని ఉంది కానీ నేల మీద చేపల చెరువు ఉంది. వీటి గురించి సరైన మాట ఏది?

(అ) మొదటిది ఫ్రేమ్‌లో ఉంది, పాపులేషన్‌లో లేదు
(ఆ) మొదటిది పాపులేషన్‌లో ఉంది, ఫ్రేమ్‌లో లేదు. రెండోది ఫ్రేమ్‌లో ఉంది, పాపులేషన్‌లో లేదు
(ఇ) రెండూ పాపులేషన్‌లో ఉన్నాయి
(ఈ) చదరాల సంఖ్య పది నుంచి నలభైకి పెంచితే రెండు లోపాలూ పోతాయి

జవాబు (ఆ). ఫ్రేమ్ లోపాల్లో ముఖ్యమైనవి ఈ రెండు: ఉండవలసింది లేకపోవడం, ఉండకూడనిది ఉండటం. వీటి ఫలితాలు ఒకలా ఉండవు. చేపల చెరువు చీటీ లాటరీలో వస్తే సిబ్బంది అక్కడికి వెళ్లగానే అది వరి కాదని తెలిసిపోతుంది. తప్పు తనంతట తానే బయటపడుతుంది. రికార్డులో లేని వరి చేను సంగతి అలా కాదు. దానికి చీటీయే లేదు, కాబట్టి ఎన్నిసార్లు లాటరీ తీసినా అది రాదు, రాలేదని కూడా ఎవరికీ తెలియదు. అలాంటి చేలు కాలువ చివరి భూముల్లోనో, నీరు సరిగా అందని మెరకల్లోనో ఎక్కువగా ఉంటే, లెక్కలో తేలే సగటు అసలు సగటు కంటే ఎక్కువగా ఉంటుంది.

(ఈ) ఎంచుకున్నవాళ్లు ఆగి ఆలోచించాలి. శాంపిల్ పెంచితే ఫ్రేమ్‌లో ఉన్నవాటి గురించి మనకు తెలిసింది ఇంకాస్త స్థిరపడుతుంది. లేనివాటి గురించి ఒక్క ముక్క కూడా కొత్తగా తెలియదు. దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ 1936 అమెరికా అధ్యక్ష ఎన్నిక. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక టెలిఫోన్ డైరెక్టరీలు, కారు రిజిస్ట్రేషన్ల వంటి జాబితాల నుంచి పేర్లు తీసుకుని దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తారని రాసింది. ఎన్నికలో రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నారు. ఆర్థిక మాంద్యపు రోజుల్లో ఫోనూ కారూ లేని ఓటర్లకు ఆ జాబితాల్లో చోటు లేదు. పైగా బ్యాలెట్లు అందినవాళ్లలో ఎక్కువమంది తిరిగి పంపలేదు, పంపినవాళ్లు పంపనివాళ్లలాంటివాళ్లు కారు. లక్షల్లో వచ్చిన జవాబులు ఈ రెండు లోపాలనూ సరిదిద్దలేకపోయాయి.

ప్రశ్న 4. మన మండలం సర్వేలో మొదటి మెట్టు శాంపిలింగ్ యూనిట్ ఏది?

(అ) రైతు
(ఆ) ఊరు
(ఇ) 25 చదరపు మీటర్ల చదరం
(ఈ) కిలో ధాన్యం

జవాబు (ఆ). ఎంపిక జరిగేటప్పుడు ఒక్కో చీటీ మీద ఏముందో అదే శాంపిలింగ్ యూనిట్. మొదటి లాటరీలో చీటీకి ఒక ఊరు. రెండో లాటరీలో చీటీకి ఒక సర్వే నంబరు. మూడో మెట్టులో ఎంపికయ్యేది మడిలోని ఒక చదరం. కిలో అనేది కొలమానం మాత్రమే, యూనిట్ కాదు.

రైతు ఎందుకు కాదన్నది బాగా అర్థం చేసుకోవాలి. ఒక రైతుకు మూడు సర్వే నంబర్లలో వరి ఉంటే, ఆయన పొలం ఎంపికయ్యేందుకు మూడు చీటీలున్నాయి. చీటీల మీద రైతుల పేర్లు రాసి ఉంటే ఆయనకు ఒక్క చీటీయే ఉండేది. యూనిట్ మారితే ఎవరు ఎంపికయ్యే అవకాశం ఎంతో మారిపోతుంది. సమాచారం చెప్పింది రైతే కావచ్చు, సంతకం పెట్టింది రైతే కావచ్చు, అయినా చీటీ ఆయన పేరిట లేదు. పరీక్షలో ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లకూ శాంపిలింగ్ యూనిట్‌కూ తేడా అడిగితే ఈ సంగతే గుర్తుచేసుకోవాలి.

ఊరు మొదటి యూనిట్ కావడానికి ఇంకో ఫలితం కూడా ఉంది. ఒకే ఊళ్లో రెండు పొలాలకు నీళ్లిచ్చేది ఒకే కాలువ, వేసిన వంగడం ఒకటే కావచ్చు, తగిలిన తెగులు ఒకటే కావచ్చు. కాబట్టి ఒకే ఊళ్లోని రెండు చదరాల నుంచి తెలిసేదాని కంటే రెండు వేర్వేరు ఊళ్లలోని చదరాల నుంచి మండలం గురించి సాధారణంగా ఎక్కువ తెలుస్తుంది. పది చదరాలు పది ఊళ్లలో కోస్తే లెక్క ఇంకా బాగుంటుంది, కానీ తిరుగుడు, ఖర్చు పెరుగుతాయి. ఊరికి రెండు చొప్పున కోయడం ఈ రెంటి మధ్యా కుదుర్చుకున్న సర్దుబాటు.

ప్రశ్న 5. లాటరీలో వచ్చిన సర్వే నంబరులో వరి లేకపోతే, ఆ తర్వాతి నంబర్లలో మొట్టమొదట వరి ఉన్నదాన్ని తీసుకోవాలని నియమం పెట్టారు. 41 నుంచి 60 దాకా కొబ్బరి, 61లో వరి ఉంది. 62, 63, 64 అన్నిటిలోనూ వరి ఉంది. ఎవరి అవకాశం ఎంత?

(అ) 61, 62లకు సమానం
(ఆ) 62కే ఎక్కువ
(ఇ) 61కి 62 కంటే 21 రెట్లు
(ఈ) చెప్పలేం

జవాబు (ఇ). 41 నుంచి 60 దాకా ఏ నంబరు వచ్చినా సిబ్బంది నడుచుకుంటూ చేరేది 61కే. 61 వచ్చినా అక్కడికే. మొత్తం 21 చీటీలు దాని వైపు తీసుకెళ్తాయి. 62కి ఉన్నది ఒక్క చీటీ. ఫ్రేమ్‌లో వరి లేని నంబర్లు ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇది. తోట పక్కన నీడ పడే మడి దిగుబడి మధ్యలోని మడి కంటే తక్కువగా ఉంటే, ఈ నియమం వల్ల లెక్కలో తక్కువ దిగుబడి మళ్లు ఎక్కువసార్లు చేరతాయి. ముందే వరి ఉన్న నంబర్లను మాత్రమే విడిగా రాసుకుని వాటిలోంచి లాటరీ తీస్తే ఈ చిక్కు రాదు. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు వంటి తాజా వివరాలు శాంపిలింగ్ చేసేవాళ్లకు విలువైనవి. ఎంపికకు ముందే జాబితాను శుభ్రం చేసుకునే వీలు వాటితో కలుగుతుంది.

ప్రశ్న 6. కింది వాటిలో పారామీటర్ ఏది?

(అ) పది చదరాల సగటు నుంచి వచ్చిన హెక్టారుకు 5,000 కిలోలు
(ఆ) మూడో ఊళ్లో కోసిన రెండు చదరాల సగటు, 11.75 కిలోలు
(ఇ) ఈ సార్వాలో మండలంలోని వరి విస్తీర్ణమంతటి మీదా హెక్టారుకు నిజంగా వచ్చిన సగటు దిగుబడి
(ఈ) పది చదరాల్లో అన్నిటికంటే ఎక్కువ తూకం, 14.1 కిలోలు

జవాబు (ఇ). పారామీటర్ పాపులేషన్‌ది. అది ఒక స్థిరమైన సంఖ్య. ఆ సార్వాలో పంట ఎంత పండిందో అంతే పండింది, మనం కొలిచినా కొలవకపోయినా అది మారదు. కానీ దాన్ని కచ్చితంగా తెలుసుకోవాలంటే మండలంలోని ప్రతి మడినీ కోసి, ఎండబెట్టి, తూయాలి. అది ఎవరి వల్లా అయ్యే పని కాదు కాబట్టే శాంపిలింగ్ అవసరమైంది. మిగిలిన మూడూ శాంపిల్ నుంచి లెక్కకట్టినవి, అంటే స్టాటిస్టిక్‌లు. సగటు ఒక్కటే స్టాటిస్టిక్ అనుకోవద్దు. అన్నిటికంటే ఎక్కువ తూకం కూడా స్టాటిస్టికే, అతి ఎక్కువకూ అతి తక్కువకూ ఉన్న తేడా కూడా స్టాటిస్టికే. శాంపిల్ నుంచి లెక్కకట్టగలిగేది ఏదైనా స్టాటిస్టికే.

ప్రశ్న 7. అదే మండలంలో, అదే రోజుల్లో, ఇంకో బృందం వేరే లాటరీ తీసి వేరే 5 ఊళ్లలో పది చదరాలు కోసింది. సగటు 13.1 కిలోలు, అంటే హెక్టారుకు 5,240 కిలోలు వచ్చింది. దీని నుంచి ఏం తెలుస్తుంది?

(అ) రెండు బృందాల్లో ఒకరు తప్పు చేశారు
(ఆ) పారామీటర్ 5,000 నుంచి 5,240కి మారింది
(ఇ) పారామీటర్ ఒక్కటే. శాంపిల్ మారింది కాబట్టి స్టాటిస్టిక్ మారింది
(ఈ) పాపులేషన్ మారింది

జవాబు (ఇ). ఇద్దరూ నియమాలన్నీ పాటించి ఉండవచ్చు. లాటరీలో వేరే ఊళ్లు వచ్చాయి కాబట్టి అంకె వేరుగా వచ్చింది. ఇది తప్పు కాదు, శాంపిలింగ్ స్వభావమే అంత. ఇలాంటి తేడా సాధారణంగా ఎంత ఉండవచ్చో ముందే అంచనా వేయడానికి స్టాటిస్టిక్స్‌లో పద్ధతులున్నాయి. లాటరీ లేకుండా సులువుగా చేరే పొలాలు కోస్తే ఆ పద్ధతులేవీ పనిచేయవు.

ఈ తేడా పుస్తకంలో ఉండిపోయేది కాదు, రైతు చేతికొచ్చే డబ్బులో కనిపిస్తుంది. దిగుబడి ఆధారిత బీమాలో ఒక ప్రాంతానికి ఒక గరిష్ఠ దిగుబడి స్థాయి ఉండదు, ఒక కనీస హామీ స్థాయి ఉంటుంది. ఆ ఏడాది లెక్కతేలిన దిగుబడి దాని కంటే తగ్గితే, తగ్గిన శాతం మేరకు పరిహారం ఇస్తారు. హామీ స్థాయి హెక్టారుకు 5,200 కిలోలు, ఎకరాకు బీమా మొత్తం 40,000 రూపాయలు అనుకుందాం. మొదటి బృందం లెక్క ప్రకారం 200 కిలోలు తగ్గాయి. 200ను 5,200తో భాగిస్తే 3.85 శాతం. ఎకరాకు సుమారు 1,538 రూపాయలు వస్తాయి. రెండో బృందం లెక్క ప్రకారం దిగుబడి హామీ స్థాయిని దాటింది కాబట్టి ఒక్క రూపాయీ రాదు. పండిన పంట ఒకటే. పరిహారం నిర్ణయించేది మాత్రం స్టాటిస్టిక్. ప్రాంతం చిన్నదై, కోతల సంఖ్య తక్కువైతే ఈ ఊగిసలాట ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న 8. పది చదరాల సగటు 12.5 కిలోలు అన్న అదే అంకె ఎప్పుడు పారామీటర్ అవుతుంది?

(అ) ఎప్పటికీ కాదు
(ఆ) ఆ పది చదరాల గురించే తెలుసుకోవాలనుకుంటే
(ఇ) దశాంశం లేకుండా రాస్తే
(ఈ) ప్రభుత్వం అధికారికంగా ప్రకటిస్తే

జవాబు (ఆ). ఈ ప్రశ్నకు సరిగ్గా జవాబిచ్చినవాళ్లకు అయిదు పదాలూ పట్టుబడినట్టే. అంకెను చూసి అది పారామీటరా, స్టాటిస్టికా అన్నది చెప్పలేం. అది ఏ పాపులేషన్ గురించిన ప్రశ్నకు జవాబో చూడాలి. ఆ పది చదరాలే మన పాపులేషన్ అయితే, పదింటినీ తూచేశాం కాబట్టి 12.5 పారామీటర్. మండలం మన పాపులేషన్ అయితే అదే 12.5 స్టాటిస్టిక్. (ఈ) చాలామందిని పడేసే ఐచ్ఛికం. ప్రభుత్వం ప్రకటించే దిగుబడి అంకె అధికారిక అంచనా. అధికారికం అయినంత మాత్రాన పారామీటర్ కాదు.

చదరం ఎక్కడ పాతారన్నదీ ముఖ్యమే

ఊరు, సర్వే నంబరు లాటరీలో తేలాక కూడా ఎంపిక పూర్తికాదు. మడిలో చదరం ఎక్కడ అన్నది మిగిలి ఉంటుంది. మడికి ఒక మూల, సాధారణంగా నైరుతి మూల, మొదలుగా పెట్టుకుంటారు. పొడవు వెంబడి ఇన్ని అడుగులు, వెడల్పు వెంబడి ఇన్ని అడుగులు అని యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చెప్పినన్ని అడుగులు వేసి, చేరిన చోట మొదటి మేకు పాతుతారు. మూలలు సరిగా లంబంగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి కర్ణం కొలుస్తారు. 5 మీటర్ల చదరానికి కర్ణం 7.07 మీటర్లు రావాలి. రాకపోతే చదరం వంకరగా ఉన్నట్టు, లోపలి విస్తీర్ణం 25 చదరపు మీటర్లు కానట్టు.

ఇక్కడే చెడ్డ అలవాట్లు చొరబడతాయి. అడుగులు వేసి చేరిన చోట పైరు పడిపోయి ఉంటే, పక్కన బాగున్న చోటికి జరుపుదామని ఎవరికైనా అనిపిస్తుంది. జరిపితే సగటు పెరుగుతుంది. బీమా పరిహారం మీద ఆశ ఉన్నవాళ్లకు పలచగా ఉన్న చోటికి జరపాలనిపిస్తుంది. జరిపితే సగటు తగ్గుతుంది. ఏ వైపు జరిపినా ఆ అంకె పారామీటర్‌కు అంచనా కాకుండా పోతుంది. అంచు మీది దుబ్బుల విషయంలోనూ ఇంతే. అనుమానం వచ్చిన ప్రతి దుబ్బునూ లోపల కలిపేసుకుంటే తూకం పెరుగుతుంది. చదరం చిన్నదైనకొద్దీ విస్తీర్ణంతో పోలిస్తే అంచు ఎక్కువ కాబట్టి ఈ తప్పు కూడా పెద్దదవుతుంది. 1940లలో పి.వి. సుఖాత్మే భారత వ్యవసాయ పరిశోధన మండలిలో ఈ విషయాన్నే పరీక్షించి, మరీ చిన్న చదరాలు దిగుబడిని ఎక్కువ చేసి చూపుతాయని తేల్చారు. అంతకు ముందు 1920లలో బిహార్, ఒరిస్సాల్లో వరి దిగుబడి మీద హబ్బక్, 1930లలో బెంగాల్ జనపనార మీద పి.సి. మహలనోబిస్ చేసిన సర్వేలు మన దేశంలో ఈ పద్ధతికి పునాది వేశాయి.

మీరే చేసి చూడండి

పొలం నుంచి పట్టణానికి వద్దాం. ఒక పట్టణంలో అద్దె ఇళ్లలో ఉండే కుటుంబాలు ఈ ఏడాది నెలకు సగటున ఎంత అద్దె కడుతున్నాయో తెలుసుకోవాలి. జాతీయ గణాంక కార్యాలయం పట్టణాలను చిన్న చిన్న బ్లాకులుగా విభజించి ఉంచుతుంది. ఆ బ్లాకుల జాబితా నుంచి 12 బ్లాకులను లాటరీలో తీశారు. ఎంపికైన బ్లాకుల్లో ఇంటింటికీ తిరిగి అద్దెకున్న కుటుంబాల జాబితా రాసుకున్నారు. ఆ జాబితాల నుంచి బ్లాకుకు 10 కుటుంబాల చొప్పున 120 కుటుంబాలను అడిగారు. సగటు 7,400 రూపాయలు వచ్చింది.

1. పాపులేషన్: (అ) పట్టణంలోని ఇళ్లన్నీ (ఆ) పట్టణంలో ఈ ఏడాది అద్దెకుంటున్న కుటుంబాలన్నీ (ఇ) 120 కుటుంబాలు (ఈ) ఇంటి యజమానులు

2. మొదటి మెట్టు శాంపిలింగ్ యూనిట్: (అ) బ్లాకు (ఆ) కుటుంబం (ఇ) ఇల్లు (ఈ) అద్దె

3. రెండో మెట్టు ఫ్రేమ్: (అ) పట్టణం పటం (ఆ) ఓటర్ల జాబితా (ఇ) 12 బ్లాకుల్లో రాసుకున్న అద్దె కుటుంబాల జాబితాలు (ఈ) 120 కుటుంబాల జాబితా

4. 7,400 రూపాయలు: (అ) పారామీటర్ (ఆ) స్టాటిస్టిక్ (ఇ) ఫ్రేమ్ (ఈ) యూనిట్

5. బ్లాకులు గీసిన తర్వాత ఊరి చివర కొత్తగా వెలసి, ఏ బ్లాకులోనూ చేరని కాలనీలో అద్దెకున్న కుటుంబాలు: (అ) పాపులేషన్‌లో లేవు, ఫ్రేమ్‌లో ఉన్నాయి (ఆ) రెంటిలోనూ ఉన్నాయి (ఇ) పాపులేషన్‌లో ఉన్నాయి, ఫ్రేమ్‌లో లేవు (ఈ) రెంటిలోనూ లేవు

జవాబులు: 1-ఆ, 2-అ, 3-ఇ, 4-ఆ, 5-ఇ.

అయిదో ప్రశ్న తప్పినవాళ్లు పైన మూడో ప్రశ్న వివరణ మళ్లీ చదవండి. అయిదూ సరిగ్గా వస్తే, ఇక నిర్వచనాలు బట్టీపట్టనక్కర్లేదు. పరీక్షలో ఏ సర్వే ఇచ్చినా ఈ వరసలో అడగండి: ఎవరి గురించి తెలుసుకోవాలి, చీటీలు ఏ జాబితా చూసి రాశారు, ఒక్కో చీటీ మీద ఏముంది, తెలుసుకోవాలనుకున్న అసలు సంఖ్య ఏది, చేతికొచ్చిన సంఖ్య ఏది. పత్రికలో ఒక సర్వే అంకె కనిపించినప్పుడు కూడా వీటిలో రెండో ప్రశ్న తప్పక అడగండి, ఎందుకంటే జాబితాలో లేనివాళ్ల సంగతి ఆ అంకె ఎప్పటికీ చెప్పదు.